ఓడింది నేను కాదు, నెట్టు!

ఫోన్లో ఒక బొమ్మ వస్తుంది. పై సగంలో ‘నా స్క్రీన్ మీద’ అని రాసి ఉంటుంది. అక్కడ ఒక మనిషి గోడ వెనక హాయిగా నక్కి కూర్చుని ఉంటాడు. కింది సగంలో ‘వాడి స్క్రీన్ మీద’ అని ఉంటుంది. అక్కడ అదే మనిషి నడివీధిలో ఛాతీ విరుచుకుని నిలబడి ఉంటాడు. ఇంట్లో ఆటలాడే కుర్రాడు దాన్ని చూసి పగలబడి నవ్వుతాడు. పక్కనున్న పెద్దమ్మ “ఏముందిరా అందులో?” అని అడిగితే “నీకర్థం కాదులే పెద్దమ్మా” అని తప్పించుకుంటాడు.

అదేమీ బ్రహ్మవిద్య కాదు. వీడియో గేముల మీద మీమ్స్ రోజూ కుప్పలుగా పుడుతున్నా, వాటిలో చాలావాటి వెనక ఉండేవి మూడే ఫిర్యాదులు. నెట్ నన్ను ముంచింది. నా జట్టువాడు నన్ను ముంచాడు. అసలు ఆటే నన్ను మోసం చేసింది. ‘నాకు ఆడటం రాదు’ అనే నాలుగో ఫిర్యాదు కూడా ఉంది కానీ, దాన్ని ఎవరూ తమ మీద చేసుకోరు. ఆ పని అవతలివాళ్లు చేసిపెడతారు. ఎవరైనా ‘లాగ్ వల్ల పోయాను’ అని వాపోగానే, కింద ఇంకెవరో ‘స్కిల్ ఇష్యూ’ అని రెండు ముక్కలు పడేస్తారు. ఆడలేనమ్మ మద్దెల ఓడు అందన్న సామెతను ఈ తరం అలా కుదించుకుంది.

అయితే ఈ ఆటల్లో మద్దెల కొన్నిసార్లు నిజంగానే ఓడు. ఎప్పుడు ఓడో, ఎప్పుడు సాకో విడదీసి చూడగలిగితే ఆ బొమ్మలో నవ్వు ఎక్కడుందో ఆడనివాళ్లకూ తెలుస్తుంది.

ముందు ఆట గురించి నాలుగు మాటలు. మన ఊళ్లలో ఎక్కువమంది నోట వినిపించేది పబ్జీ. దాని మొబైల్ ఆటను 2020 సెప్టెంబరులో కేంద్రం నిషేధించింది. 2021 జూలైలో అది బీజీఎంఐ అనే పేరుతో మళ్లీ వచ్చింది. పేరు మారినా జనం నోట్లో పబ్జీయే. ఇందులో సుమారు వందమంది విమానంలోంచి ఒక దీవి మీదికి దూకుతారు. దొరికిన ఇళ్లలోకి దూరి తుపాకులు, మందులు ఏరుకుంటారు. ఆడే చోటు చుట్టూ ఒక వలయం అంతకంతకూ బిగుసుకుంటూ అందరినీ ఒకచోటికి నెడుతుంది. చివరిదాకా మిగిలినవాళ్లదే గెలుపు. ఆ గెలుపును ‘చికెన్ డిన్నర్’ అంటారు. ఒంటరిగానూ ఆడొచ్చు, నలుగురు కలిసి స్క్వాడ్‌గానూ ఆడొచ్చు. ఇంతమంది ఒకేసారి ఆడతారు కాబట్టి దాదాపు ప్రతి ఆటలోనూ ఒక జట్టు నవ్వుతుంది, మిగతా అందరూ సాకులు వెతుక్కుంటారు. మీమ్స్‌కు ముడిసరుకు అక్కడే ఉంది.

పింగ్ అనే అంకె

వందమందీ ఒకే దీవి మీద ఉన్నట్టు కనబడతారు గానీ, నిజానికి ఎవరి ఫోన్లో వాళ్ల దీవి ఉంటుంది. ఈ దీవులన్నిటినీ కలిపి ఉంచేది ఎక్కడో ఒక నగరంలో ఉన్న సర్వర్. మీరు అడుగు వేస్తే మీ ఫోన్ సర్వర్‌కు కబురు పంపుతుంది. సర్వర్ దాన్ని మిగతావాళ్ల ఫోన్లకు చేరవేస్తుంది. ఎవరు ఎక్కడున్నారు, ఎవరికి గుండు తగిలింది అన్న విషయాల్లో చివరి మాట సర్వర్‌దే.

ఆ కబురు సర్వర్ దాకా వెళ్లి తిరిగి రావడానికి పట్టే కాలమే పింగ్. దీన్ని మిల్లీసెకన్లలో లెక్కిస్తారు. సెకనులో వెయ్యో వంతు ఒక మిల్లీసెకను. ఆడుతున్నంతసేపూ ఈ అంకె స్క్రీన్ ఓ మూల చిన్నగా కనబడుతూనే ఉంటుంది. బాగుంటే ఆకుపచ్చగా, చెడితే ఎర్రగా మారుతుంది. 50 ఉంటే ఆటగాడికి అసలు తేడా తెలియదు. 150 దాటితే చిరాకు మొదలవుతుంది. 150 అంటే ఒక్క రెప్పపాటే, కానీ ఎదురెదురుగా తుపాకులు పేలేటప్పుడు ఎవరు ముందు కాల్చారన్నది ఆ రెప్పపాటులోనే తేలిపోతుంది.

పింగ్‌లో కొంత భాగాన్ని ఎంత డబ్బు పోసినా తగ్గించలేం. ఫైబర్ తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. అంటే ప్రతి 200 కిలోమీటర్లకు ఒక మిల్లీసెకను. హైదరాబాద్ నుంచి ముంబై సర్వర్ 700 కిలోమీటర్ల దూరమనుకుంటే, రానూపోనూ 7 మిల్లీసెకన్లు. మధ్యలో రౌటర్లు, మొబైల్ టవర్లు కలిపే ఆలస్యం దీనికి అదనం. అదే డల్లాస్‌లో ఉన్న బావ, గుంటూరులో ఉన్న బావమరిది శనివారం రాత్రి కలిసి ఆడాలనుకుంటే మధ్యలో సుమారు 14 వేల కిలోమీటర్లు ఉంది. తీగ తిన్నగా వేసి ఉన్నా రానూపోనూ 140 మిల్లీసెకన్లు దూరానికే పోతాయి. సముద్రం అడుగున తీగలు తిన్నగా ఉండవు కాబట్టి నిజంగా పట్టేది ఇంకా ఎక్కువ. సర్వర్ భారత్‌లో ఉంటే బావ తిడతాడు, అమెరికాలో ఉంటే బావమరిది తిడతాడు. ఇద్దరిలో ఎవరి నెట్ ప్లానూ ఈ గొడవను తీర్చలేదు.

తగ్గించుకోగలిగిన భాగం ఇంట్లోనే ఉంటుంది. ఆట పంపే కబుర్లు చాలా చిన్నవి, కానీ సెకనుకు పదుల్లో వెళ్తాయి. అదే వైఫై మీద అక్క పెళ్లి వీడియోలు అప్‌లోడ్ పెట్టిందనుకోండి. రౌటర్ దగ్గర ఆ పెద్ద ఫైళ్ల ముక్కలు వరుస కడతాయి. ఆట కబురు చిన్నదే అయినా వాటి వెనకే నిలబడాలి. 40 ఉన్న పింగ్ ఉన్నట్టుండి 400కి ఎగబాకుతుంది. ‘ఇంట్లో ఎవరు నెట్ వాడుతున్నారు?’ అన్న కేక ముందు గదిలోకి వినబడేది అప్పుడే. ఆ కేక మీదే బోలెడు మీమ్స్ ఉన్నాయి, మన తెలుగువాళ్లు వాటికి బ్రహ్మానందం మొహం తగిలిస్తారు. ఈ ఫిర్యాదు మాత్రం అక్షరాలా నిజం. అప్‌లోడ్ ఆపితే పింగ్ దిగుతుంది. ఎవరైనా పరీక్షించి చూసుకోవచ్చు.

ఇంకో రకం మీమ్‌లో పాత్ర పది అడుగులు ముందుకు పరుగెత్తి, ఎవరో కాలు పట్టి లాగినట్టు మళ్లీ మొదటికే వచ్చి పడుతుంది. దానికీ కారణముంది. మీరు బటన్ నొక్కిన ప్రతిసారీ సర్వర్ ఒప్పుకోలు కోసం ఆగితే ఆట నత్తనడక నడుస్తుంది. అందుకని ఫోన్ ముందే ఊహించి మీ పాత్రను నడిపించేస్తుంది. కబుర్లు సవ్యంగా చేరినంతకాలం ఊహ, నిజం ఒకటే. మధ్యలో కొన్ని కబుర్లు దారిలోనే పోయాయంటే సర్వర్ లెక్కలో మీరింకా వెనకే ఉంటారు. నెట్ కుదుటపడగానే ఫోన్ తన ఊహను వదులుకుని సర్వర్ చెప్పిన చోటుకు మిమ్మల్ని లాక్కొస్తుంది. పరుగెత్తినా ఉన్నచోటే ఉన్నామని కుర్రాళ్లు వాపోయేది దీని గురించే.

గోడ వెనక చావు

ఇక మొదటి బొమ్మ దగ్గరికి వద్దాం. గోడ వెనక దాక్కున్నాక కూడా చచ్చిపోవడం ఎలా కుదురుతుంది? లెక్క వేసి చూస్తేనే ఇది తెలుస్తుంది, లెక్క కూడా తేలికే.

ఇద్దరు ఆటగాళ్లు ఉన్నారనుకుందాం. పరుగెత్తేవాడి పింగ్ 60, అంటే వాడి కబురు సర్వర్‌కు చేరడానికి 30 మిల్లీసెకన్లు. కాల్చేవాడి పింగ్ 150, అంటే ఒకవైపుకు 75. దీనికి తోడు ఇంకో చిన్న ఏర్పాటు ఉంటుంది. అవతలివాళ్ల కదలికలు కుదుపుల్లేకుండా కనబడాలని ప్రతి ఫోనూ వాళ్లను కావాలనే కాస్త ఆలస్యంగా చూపిస్తుంది. అది 50 మిల్లీసెకన్లు అనుకుందాం.

పరుగెత్తేవాడు తన స్క్రీన్ మీద గోడ అంచు దాటి లోపలికి వెళ్లిపోయాడు. అది సున్నా క్షణం. ఆ కబురు సర్వర్‌కు 30 దగ్గర చేరింది. అక్కడినుంచి కాల్చేవాడి ఫోన్‌కు 105 దగ్గర వచ్చింది. నునుపు కోసం ఆపిన 50 కలిపి, అది స్క్రీన్ మీద కనబడేసరికి 155. అంటే వీడు గోడ వెనక్కి చేరి ఊపిరి పీల్చుకుంటున్న సమయానికి, అవతలివాడి కళ్లకు వీడింకా గోడ అంచు మీదే ఉన్నాడు. అవతలివాడు సరిగ్గా అప్పుడే కాల్చాడు. ఆ కబురు 230 దగ్గర సర్వర్‌కు చేరింది. ‘నువ్వు పోయావు’ అన్న తీర్పు పరుగెత్తేవాడికి 260 దగ్గర అందింది.

సెకనుకు 6 మీటర్లు పరుగెత్తే పాత్ర 260 మిల్లీసెకన్లలో మీటరున్నర దాటి వెళ్తుంది. కాబట్టి వాడి స్క్రీన్ మీద వాడు చచ్చింది గోడ వెనక, మీటరున్నర లోపల. అవతలివాడి స్క్రీన్ మీద మాత్రం ఎదురుగా, నిలువునా కనబడుతున్నవాణ్ణి కాల్చాడు. ఇద్దరూ చూసింది నిజమే, ఇద్దరూ అబద్ధమాడటం లేదు. ఆ బొమ్మలోని రెండు సగాలూ ఉన్నదున్నట్టు గీసినవే.

ఇక్కడ ఒక ప్రశ్న రావాలి. గుండు కబురు 230 దగ్గర సర్వర్‌కు చేరేసరికి, సర్వర్ లెక్కలో కూడా పరుగెత్తేవాడు గోడ వెనకే ఉన్నాడు కదా, మరి తగిలిందని ఎందుకు తేల్చింది? ఎందుకంటే సర్వర్ ఆ క్షణాన్ని చూడదు. కాల్చేవాడు ట్రిగ్గర్ నొక్కినప్పుడు వాడి స్క్రీన్ మీద ఏముందో అక్కడికి కాలాన్ని వెనక్కి తిప్పి, ఆ పాత దృశ్యంలో గుండు తగిలిందా లేదా అని చూస్తుంది. థర్డ్ అంపైర్ రీప్లే చూసి ఔటిచ్చినట్టే, కాకపోతే ఇక్కడ రీప్లే ఎప్పుడూ బౌలర్ వైపు కెమెరాలోంచే నడుస్తుంది. హాఫ్‌లైఫ్, కౌంటర్‌స్ట్రైక్ ఆటలను నడిపే వాల్వ్ సంస్థ ఇంజనీరు యాన్ బెర్నియర్ 2001లో ఈ పద్ధతి గురించి ఒక సాంకేతిక పత్రం రాశాడు. తుపాకీ ఆటలు చేసేవాళ్లు ఇప్పటికీ దాన్ని తిరగేస్తుంటారు. గోడ మలుపు దాటాక చచ్చామని కొందరు గోల పెడతారని ఆయనకు అప్పుడే తెలుసు. తెలిసే ఆ దారి ఎంచుకున్నారు.

ఎందుకంటే రెండో దారి ఇంతకంటే అన్యాయం. కాలాన్ని వెనక్కి తిప్పకపోతే, కాల్చేవాడు సూటిగా మనిషి మీద గురిపెట్టి కాల్చినా తగలదు. తన పింగ్ ఎంతో, ఎదుటివాడు ఎంత వేగంగా వెళ్తున్నాడో మనసులో లెక్క కట్టి, మనిషికి నాలుగడుగుల ముందు ఖాళీ గాలిలోకి కాల్చాలి. పాత ఆటల్లో నెట్ బాగాలేనివాళ్లు అలాగే ఆడేవాళ్లు. గురి కుదిరినా తగలకపోతే ఆటగాడికి ఆ ఆట మీదే నమ్మకం పోతుంది. తను ఆ క్షణంలో ఎక్కడున్నాడో మీటరు అటూఇటూ అయితే చాలామంది గమనించరు. ఎవరికో ఒకరికి అన్యాయం జరగక తప్పదు కాబట్టి, దాక్కునేవాడి నెత్తిన వేశారు. అలాగని సర్వర్ కాలాన్ని ఎంత వెనక్కయినా తిప్పదు. వాల్వ్ వాళ్ల సోర్స్ ఇంజిన్‌లో గరిష్ఠంగా ఒక సెకను అని హద్దు పెట్టారు. లేకపోతే నెట్ పూర్తిగా చచ్చినవాడు ఎప్పుడో పోయిన దృశ్యాన్ని కాల్చి అందర్నీ చంపుకుంటూ పోతాడు.

పై లెక్కను మళ్లీ ఒకసారి చూడండి. వీడి 60, వాడి 150, నునుపు కోసం 50, మొత్తం 260. అంటే గోడ వెనక చావులో వాడి నెట్ వాటా వీడి నెట్ వాటాకు రెండింతలకు మించి ఉంది. ‘నా నెట్ బ్రహ్మాండంగా ఉంది, వాడి చెత్త నెట్ వల్ల నేను పోయాను’ అని ఎవడైనా అంటే నవ్వేయకండి. అది నిజం కావడానికి అవకాశముంది.

అయితే ఆడేవాళ్లు ‘లాగ్’ అనే ఒక్క మాట కిందే రెండు వేరువేరు రోగాలను కట్టేస్తారు. ఒకటి ఇప్పటిదాకా చెప్పుకున్న నెట్ ఆలస్యం. రెండోది ఫోన్ చేతకానితనం. ఎండాకాలం మధ్యాహ్నం, ఛార్జింగ్ పెట్టి మరీ ఆడుతుంటే ఫోన్ కాలిపోతుంది. కాలిన ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది. బొమ్మలు ముక్కలు ముక్కలుగా కదులుతాయి. దానికి నెట్‌తో సంబంధం లేదు, కొత్త రీఛార్జీ వేసినా పోదు. కనిపెట్టడం తేలిక. ఆట తడబడిన క్షణంలో మూల ఉన్న అంకెను చూడండి. పింగ్ పచ్చగానే ఉండి బొమ్మ తడబడితే రోగం ఫోన్‌ది. పింగ్ ఎర్రబడి, బొమ్మ నున్నగానే కదులుతూ మనుషులు మాత్రం ఒకచోట మాయమై ఇంకోచోట తేలుతుంటే రోగం నెట్‌ది. పింగ్ పచ్చగా, బొమ్మ నున్నగా ఉండి కూడా పోయారంటే, కింద రాసిన ఆ రెండు ముక్కలే సరైన రోగనిర్ధారణ.

జట్టులో ఆ ఒక్కడు

పనికిరాని జట్టువాడి మీద వచ్చిన మీమ్స్‌కు తాతలాంటిది 2005 మే నెలలో ఇంటర్నెట్‌లోకి వచ్చిన ఒక వీడియో. ఆట పేరు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్. ఒక కోటలో, డ్రాగన్ గుడ్లు నిండిన గది ముందు ఓ పెద్ద జట్టు నిలబడి ఉంటుంది. ఆ గుడ్ల మధ్య అడుగు పెడితే పిల్లలు పగలగొట్టుకుని మీద పడతాయి. కాబట్టి ఎవరు ముందు వెళ్లాలి, ఎవరు ఏ మంత్రం వేయాలి అని నాయకుడు చాలాసేపు వివరంగా చెబుతాడు. మనం బతికి బయటపడే అవకాశం ఎంత అని అడిగితే, ఒకడు గంభీరంగా లెక్క కట్టి 32.33 శాతం అంటాడు, ఆ మూళ్లు అలా సాగుతూనే ఉంటాయని కూడా చేరుస్తాడు.

ఇదంతా జరుగుతున్నంతసేపూ లీరాయ్ అనే సభ్యుడు కంప్యూటర్ ముందు లేడు. తిరిగొచ్చాడు. చర్చ ఏమిటో అడగలేదు. ‘లీరాయ్ జెంకిన్స్!’ అని తన పేరునే రంకెలా సాగదీసి అరుస్తూ ఒంటరిగా గదిలోకి దూకేశాడు. ఒక్క క్షణం అందరూ నోరెళ్లబెట్టారు. తర్వాత వాణ్ణి కాపాడదామని వెనకే పరుగెత్తారు. అందరూ చచ్చారు. జట్టంతా తిడుతుంటే లీరాయ్ తాపీగా, నాకు కనీసం చికెనైనా దక్కింది అన్నాడు. వాడు అంతసేపు వెళ్లింది తినడానికి.

ఈ వీడియో నిజంగా జరిగిన ఘటన కాదు, అతిగా ప్లాన్లు వేసేవాళ్లను వెక్కిరించడానికి ఆ జట్టువాళ్లే ఆడిన నాటకం. అది తెలిశాక కూడా దాని పేరు తగ్గలేదు. ఆట చేసిన బ్లిజార్డ్ సంస్థ లీరాయ్‌ను తన హార్త్‌స్టోన్ పేకాటలో ఒక కార్డుగా పెట్టింది. వార్‌క్రాఫ్ట్‌లోనే ఆ గదిలో 15 సెకన్లలో 50 డ్రాగన్ పిల్లల్ని చంపినవాళ్లకు ‘జెంకిన్స్’ అనే బిరుదు పెట్టింది. ఇరవై ఏళ్ల తర్వాత కూడా, చెప్పింది వినకుండా ముందుకు ఉరికేవాణ్ణి చూసి ‘లీరాయ్’ అనేవాళ్లు ఉన్నారు.

మన పబ్జీ స్క్వాడ్లలో లీరాయ్‌కు తమ్ముళ్లు చాలామంది. స్నేహితులు నలుగురు కుదరనప్పుడు ఆట తనే ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లను జట్టులో వేస్తుంది. వాళ్లను ‘ర్యాండమ్స్’ అంటారు. మీమ్స్‌లో తిట్లు తినేది వాళ్లే. గుండ్లు తగిలి ఆరోగ్యం సున్నా అయితే ఆటగాడు వెంటనే చావడు, ‘నాక్’ అవుతాడు. అంటే నేల మీద పాకుతూ ఉంటాడు. జట్టువాడు ఎవరైనా పక్కకొచ్చి పది సెకన్లు కూర్చుని లేపితే మళ్లీ బతుకుతాడు. దాన్నే ‘రివైవ్’ అంటారు. ఇక దృశ్యం చూడండి. ఒకడు నాక్ అయి పాకుతూ “రివైవ్ రా, రివైవ్ రా మామా, పక్కనే ఉన్నా” అని మైకులో బతిమాలుతుంటాడు. మామ వినిపించుకోడు. ఇప్పుడే చచ్చిన శత్రువు పెట్టె దగ్గర మోకాళ్ల మీద కూర్చుని వాడి తుపాకీ, వాడి హెల్మెట్ తీరిగ్గా ఏరుకుంటుంటాడు. “వస్తున్నా బ్రో, ఒక్క నిమిషం” అంటాడు. పాకేవాడికి అంత ఆయుష్షు లేదు. వాడు పోయాక మామ వాడి పెట్టె దగ్గరికి కూడా వస్తాడు, ఏరుకోవడానికి.

ఇంకో తమ్ముడు అందరికంటే ముందు చచ్చి, మిగతావాళ్ల ఆటను చూస్తూ కోచ్ అవతారమెత్తుతాడు. మరొకడి మైకులోంచి మాటకు బదులు ఫ్యాన్ చప్పుడు, కుక్కర్ విజిల్ వస్తుంటాయి. ఈ బొమ్మలు చూసి ఆడేవాళ్లు నవ్వేది ఆ మనుషులు తమకు రోజూ తగులుతారు కాబట్టి.

నిజంగానే మంచి ఆటగాడి నెత్తికి ఎప్పుడూ పనికిరానివాళ్లే చుట్టుకుంటారా? దీన్ని లెక్కతో తేల్చవచ్చు. ఐదుగురు ఒకవైపు, ఐదుగురు ఒకవైపు ఆడే ఆట తీసుకుందాం. పదిమందిలో ఒక్కడు పనికిరానివాడు, అది మీరు కాదు. మిగిలింది తొమ్మిది స్థానాలు. వాటిలో మీ జట్టువి నాలుగు, ఎదుటి జట్టువి ఐదు. ఆట ఎవర్ని ఎటు వేస్తుందన్నది చీట్లు తీసినట్టే అయితే, అలాంటి 90 ఆటల్లో ఆ ఒక్కడు సుమారు 40 సార్లు మీ వైపు, 50 సార్లు ఎదుటివైపు పడాలి. అంటే మీరు పనికొచ్చేవారైతే పనికిరానివాడి వల్ల మీకు మొత్తం మీద లాభమే.

మరి అలా ఎందుకు అనిపించదు? మీ జట్టువాడు చేసిన వెధవపని మీ కళ్ల ముందు జరుగుతుంది, వాడి మైకు మీ చెవిలో మోగుతుంది. ఎదుటి జట్టులో అలాంటివాడు ఉన్నప్పుడు మీకు కనబడేది వాడు కాదు. మీరు ఒకడి తర్వాత ఒకణ్ణి అలవోకగా కొట్టేస్తున్నట్టు కనబడుతుంది. మీ జట్టు తప్పు తప్పుగానే కనబడుతుంది, ఎదుటి జట్టు తప్పు మాత్రం మీ ప్రతిభగా కనబడుతుంది. ఎదుటివాడి నెట్ పడిపోయి వాడు ఒకేచోట గోడను గుద్దుకుంటుంటే, వాణ్ణి కాల్చి మీరు మీ గురిని మెచ్చుకుంటారు. మీమ్స్ అన్నీ ఓడినవైపు నుంచే పుట్టడానికి కారణం ఇదే.

95 శాతం గురి, అయినా తప్పింది

మూడో ఫిర్యాదుకు నెట్ అక్కర్లేదు, జట్టూ అక్కర్లేదు. ఎక్స్‌కామ్ అనే ఆట ఒంటరిగా కంప్యూటర్‌తో ఆడేది. గ్రహాంతరవాసుల మీద మన సైనికులను చదరంగంలా వంతులవారీగా నడపాలి. కాల్చేముందు ఆట ఒక శాతం చూపిస్తుంది, గుండు తగలడానికి అవకాశం ఇంత అని. దీని మీద పుట్టిన మీమ్ ఒక్కటే, రూపాలు మాత్రం లెక్కలేనన్ని. సైనికుడు రాక్షసుడికి ఎంత దగ్గరగా నిలబడ్డాడంటే తుపాకీ గొట్టం వాడి పొట్టకు ఆనుకుని ఉంటుంది. స్క్రీన్ మీద 95 శాతం. ట్రిగ్గర్ నొక్కాడు. గుండు ఆకాశంలోకి పోయింది.

ఇందులో ఆట మోసమేమీ లేదు. 95 శాతమంటే ఇరవైసార్లలో ఒకసారి తప్పుతుందని ఆట ముందే ఒప్పుకుంది. అలాంటి గురి 14 సార్లు పెడితే కనీసం ఒక్కటైనా తప్పే అవకాశం సగానికి పైనే. ఇరవైసార్లు పెడితే 64 శాతం. ఒక యుద్ధం ముగిసేలోపు పదుల గుళ్లు కాలుస్తారు కాబట్టి ఆ ఒక్కటీ వచ్చి తీరుతుంది. వచ్చినప్పుడు దాంతో పాటు పెంచి పోషించుకున్న సైనికుడూ పోతాడు. తగిలిన పందొమ్మిదీ గుర్తుండవు, ఆ ఒక్కటే స్క్రీన్‌షాటై ఊరంతా తిరుగుతుంది.

95 అని చూస్తే మన మనసు దాన్ని ‘ఖాయం’ అని చదువుకుంటుంది. సివిలైజేషన్ ఆటను రూపొందించిన సిడ్ మీయర్ 2010లో ఆటల రూపకర్తల సభలో ఇదే చెప్పాడు. తన బలం మూడు పాళ్లు, శత్రువు బలం ఒక పాలు అని కనబడితే, నాలుగింట ఒకసారి ఓడిపోవడం ఆటగాళ్లకు మింగుడు పడదన్నాడు. అదే ఒక పాలు బలంతో తాము నాలుగింట ఒకసారి గెలిస్తే మాత్రం ఎవరూ అన్యాయమని అరవరట.

అందుకని కొన్ని ఆటలు ఆటగాడికి తెలియకుండా ఆటగాడి వైపే మొగ్గుతాయి. జపాన్ ఆట ఫైర్ ఎంబ్లమ్‌లో చాలా భాగాలు ఒక అంకెకు బదులు రెండు అంకెలు తీసి సగటు కడతాయి. దానివల్ల స్క్రీన్ మీద 90 అని ఉన్న దెబ్బ నిజానికి 98.1 శాతం సార్లు తగులుతుంది. 95 కూడా అంతే, చూపించినదానికంటే నమ్మకంగా తగులుతుంది. ఎక్స్‌కామ్ 2 కూడా తేలిక స్థాయిల్లో, వరసగా గురి తప్పినవాళ్లకు చాటుగా అవకాశం పెంచుతుంది. చిత్రమేమిటంటే, ఉన్నదున్నట్టు చూపించిన అంకెను జనం మోసమంటారు, తమకు అనుకూలంగా తారుమారైన అంకెను న్యాయమంటారు. గురి తప్పిందన్న మీమ్స్‌లో ఎక్కువ భాగం నిజాయితీగా నడిచిన పాచికల మీద వచ్చినవే.

మనుషుల మధ్య ఆటల్లోనూ ఇదే తంతు. చదరంగం కోసం ఆర్పాడ్ ఎలో అనే అమెరికా భౌతికశాస్త్ర ఆచార్యుడు తయారుచేసిన రేటింగ్ పద్ధతిని ఫిడే 1970లో తీసుకుంది. నేటి ఆటలు జోడీలు కుదిర్చేది ఆ ఆలోచన బాటలోనే. గెలిస్తే మీ అంకె పెరిగి గట్టివాళ్లు ఎదురవుతారు, ఓడితే తగ్గి మీకు సరిపడేవాళ్లు ఎదురవుతారు. ఇద్దరి అంకెలూ సమానమైతే గెలుపు అవకాశం సగం సగం. అంటే జోడీ కుదిర్చే యంత్రం తన పని ఎంత బాగా చేస్తే, మీరు అంత కచ్చితంగా రెండింట ఒక ఆట ఓడతారు. ఓడిన ప్రతి ఆటకూ ఏదో ఒక కారణం కళ్లకు కనబడుతుంది, కాబట్టి ప్రతి ఓటమీ అన్యాయంగానే తోస్తుంది.

ఆడేవాళ్లకు ఇదంతా తెలియదనుకోవద్దు. ‘లాగ్ లేకపోతే నేనే ఛాంపియన్’ అన్న మీమ్ పెట్టేవాడికి, పింగ్ 20 ఉన్న రోజు కూడా తను ఓడినట్టు బాగా గుర్తుంటుంది. చదివే వెయ్యిమందికీ గుర్తుంటుంది. నిజమైన ఫిర్యాదు, ఉత్త సాకు ఒకే బొమ్మలో పక్కపక్కన కూర్చోవడమే అందులో హాస్యం. సాకు చెబుతున్నానని ఒప్పుకుంటూనే సాకు చెప్పడం వాళ్లకు సరదా. అందుకే ‘స్కిల్ ఇష్యూ’ అన్నవాడి మీద ఎవరికీ పెద్దగా కోపం రాదు.

కాబట్టి పెద్దమ్మ ఇకమీద ఆ కుర్రాడి దగ్గర తెల్లమొహం వేయనక్కర్లేదు. వాడు ఓడి “లాగ్!” అని అరిచినప్పుడు మూల ఉన్న అంకె ఏ రంగులో ఉందో చూస్తే చాలు. ఎర్రగా ఉంటే అప్‌లోడ్ ఆపించి పుణ్యం కట్టుకోవచ్చు. అసలు పరీక్ష మాత్రం వాడు గెలిచిన రోజున పెట్టాలి. చికెన్ డిన్నర్ కొట్టి గదిలోంచి గంతులేస్తూ వచ్చినప్పుడు, చివరగా చచ్చినవాడి పింగ్ ఎంతరా అని అడగండి. దానికి వాడి దగ్గర మీమ్ ఉండదు.